గానుగ నూనె ఎవరి కోసం? ఒక్క వాక్యంలో వ్యాపారాన్ని తేల్చుకోవడం

రాయలసీమలో ఒక మోస్తరు పట్నంలో ఇప్పుడు రెండు మూడు గానుగ నూనె దుకాణాలైనా కనిపిస్తాయి. బోర్డులు చదువుకుంటూ పోతే అన్నీ ఒకే మాట చెబుతాయి: స్వచ్ఛమైనది, ఆరోగ్యకరమైనది, రుచికరమైనది, కల్తీ లేనిది, మన పూర్వీకులు వాడినది. ఒక దుకాణం బోర్డు తీసి పక్క వీధిలోని దుకాణానికి తగిలించినా, పేరు తప్ప మరే తేడా తెలియదు. అప్పుడు కొనేవారికి తేల్చుకోవడానికి మిగిలేది ధర ఒక్కటే. ధర దగ్గరికి వచ్చేసరికి, సూపర్ మార్కెట్లోని రిఫైన్డ్ నూనె ప్యాకెట్ ముందు గానుగ నూనె నిలబడలేదు. చాలాచోట్ల అది దాదాపు రెట్టింపు ధర పలుకుతుంది.

ఈ చిక్కు నూనెది కాదు. ఆ దుకాణం ఎవరి కోసం పెట్టారో, దేనికి బదులుగా తమ దగ్గరికి రమ్మంటున్నారో, వస్తే ఏం దక్కుతుందో, ఆ మాట ఎందుకు నమ్మాలో యజమాని తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన చిక్కు. ఈ నాలుగింటినీ ఒక్క వాక్యంలో రాసుకోవడాన్నే మార్కెటింగ్‌లో పొజిషనింగ్ స్టేట్‌మెంట్ అంటారు. అమెరికాలో ప్రకటనల రంగంలో పనిచేసిన అల్ రీస్, జాక్ ట్రౌట్ 1972లో అడ్వర్టైజింగ్ ఏజ్ పత్రికలో రాసిన వ్యాసాలతో పొజిషనింగ్ అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. కొనేవారి మనసులో మన వస్తువుకు ఏ చోటు దొరుకుతుందన్నదే అసలు సంగతి అని వాళ్ల వాదన. ఆ ఆలోచనను ఖాళీలు పూరించే వాక్యంగా మలిచిన నమూనాలు ఆ తర్వాత చాలా వచ్చాయి. 1991లో జెఫ్రీ మూర్ తన పుస్తకంలో ఇచ్చినది వాటిలో బాగా పేరు పొందింది. అందరూ ఎక్కువగా వాడే నాలుగు ముక్కల రూపం ఇలా ఉంటుంది:

ఫలానా అవసరం ఉన్న ఫలానా వారికి,
మాది ఫలానా కోవకు చెందిన వస్తువు లేదా సేవ.
దీనివల్ల వారికి దక్కే ముఖ్య ప్రయోజనం ఇది.
ఈ మాట నమ్మడానికి ఆధారం ఇది.

చూడటానికి ఇది దరఖాస్తు ఫారంలా తేలికగా ఉంటుంది. నింపడం కూడా పది నిమిషాల పనే. కానీ పది నిమిషాల్లో నింపినది సాధారణంగా పైన చెప్పిన బోర్డులాగే తయారవుతుంది. ఆ నాలుగు ఖాళీలు విడివిడి ప్రశ్నలు కాకపోవడమే దీనికి కారణం. ఒకదానిలో ఏం రాస్తామన్నదాన్ని బట్టి మిగిలిన మూడూ మారాలి. అది ఎలాగో చూడటానికి ముందు అందరికీ తెలిసిన ఒక సబ్బు కథ, ఆ తర్వాత మన గానుగ దుకాణం కథ చూద్దాం.

ఒకే సబ్బు, రెండు దారులు

డవ్ 1957లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. మామూలు సబ్బులాగా నూనెలూ క్షారమూ కలిపి చేసినది కాదది. వేరే రకం శుభ్రపరిచే పదార్థంతో చేసిన బిళ్ల. చర్మాన్ని సబ్బు ఎండగట్టినంతగా అది ఎండగట్టదు. దాని ప్రకటనల బాధ్యత చూసిన డేవిడ్ ఒగిల్వీ తర్వాత 1983లో రాసిన పుస్తకంలో ఒక సంగతి చెప్పాడు. చేతులు మురికి పట్టే మగవాళ్ల కోసం డిటర్జెంట్ బిళ్లగా దాన్ని అమ్మే అవకాశం కూడా తనకు ఉండేదట. తాను మాత్రం పొడి చర్మం ఉన్న ఆడవాళ్ల కోసం స్నానపు బిళ్లగా నిలబెట్టాడు. పాతికేళ్ల తర్వాత కూడా ఆ నిర్ణయం పనిచేస్తూనే ఉందని రాశాడు.

ఆ నిర్ణయాన్ని నాలుగు ఖాళీల్లో పెట్టి చూడండి. ఎవరికి? సబ్బు వాడితే చర్మం పొడిబారే ఆడవాళ్లకు. ఏ కోవ? ఒంటి సబ్బుల పక్కన పెట్టి చూసే స్నానపు బిళ్ల. ప్రయోజనం? కడుక్కున్నాక చర్మం బిగుసుకుపోదు, మెత్తగా ఉంటుంది. ఆధారం? ఇందులో పావు వంతు క్రీమ్. ఈ ఆఖరి మాట ప్రకటనల్లో దశాబ్దాల పాటు వినిపించింది.

ఇప్పుడు మొదటి ఖాళీ ఒక్కటే మార్చి, వర్క్‌షాపులో గ్రీజు చేతులతో ఉన్న మెకానిక్ పేరు రాయండి. పావు వంతు క్రీమ్ అన్న ఆధారం వెంటనే ఎదురు తిరుగుతుంది. మురికి వదిలించే బిళ్లలో క్రీమ్ ఎందుకని అతను అడుగుతాడు. ప్రయోజనం మారాలి, కోవ మారాలి, ఆధారం కొత్తది వెతకాలి. సబ్బు అదే, కానీ వాక్యం పూర్తిగా వేరు. అందుకే పొజిషనింగ్ స్టేట్‌మెంట్ రాయడమంటే వస్తువును వర్ణించడం కాదు. ఒక దారి ఎంచుకుని, పక్కనున్న దారిని వదులుకోవడం.

మన గానుగ దుకాణం

కదిరి లాంటి ఒక పట్నంలో భార్యాభర్తలు ఒక చెక్క గానుగ పెట్టారనుకుందాం. కరెంటు మోటారుతో తిరిగే గానుగ. చుట్టుపక్కలంతా వేరుశనగ పండే ప్రాంతం. ఒక వాయికి పదిహేను కిలోల పప్పు వేస్తారు. వాయి పూర్తవడానికి సుమారు గంట పడుతుంది. గానుగలో ఒక లీటరు నూనె రావాలంటే దాదాపు రెండున్నర కిలోల పప్పు కావాలి కాబట్టి, వాయికి ఆరు లీటర్ల నూనె దిగుతుంది. మిగిలిన చెక్క పశువుల దాణాకు పోతుంది. తీసిన నూనె వెంటనే తేటగా ఉండదు. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి, పైన బంగారు రంగులో తేరుకుంటుంది. ఈ అంకెలు గుర్తుంచుకోండి, చివర్లో ఇవే పనికొస్తాయి.

వాళ్లు మొదట రాసుకున్న వాక్యం ఇలా ఉంది: ‘ఆరోగ్యం కోరుకునే ప్రతి కుటుంబానికీ మాది నాణ్యమైన వంటనూనె. ఇది రుచినీ ఆరోగ్యాన్నీ ఇస్తుంది. ఎందుకంటే నాణ్యత విషయంలో మేము రాజీపడం.’

నాలుగు ఖాళీలూ నిండాయి. అయినా ఒక్క నిర్ణయం కూడా జరగలేదు. ఆరోగ్యం కోరుకోని కుటుంబం ఉండదు కనుక మొదటి ఖాళీ ఎవరినీ ఎంచుకోలేదు. రాజీపడం అన్నది ఆధారం కాదు, ఇంకొక మాట మాత్రమే. ఈ వాక్యాన్ని ఎక్కడి నుంచి సరిదిద్దాలి? చాలామంది ప్రయోజనం దగ్గర మొదలుపెట్టి అందమైన పదాల కోసం వెతుకుతారు. అంతకంటే మంచి చోటు ఒకటుంది: ఇప్పటికే మన దగ్గర కొంటున్నవారు మనం లేకపోతే ఏం చేసేవారో అడగడం.

ఎవరికి: మీరు లేకపోతే వాళ్లేం చేసేవారు?

ఆ ఇల్లాలు కౌంటర్ దగ్గర తరచూ వచ్చే ఒకావిడను అడిగిందనుకోండి. “అక్కా, ఇంతకు ముందు నూనె ఎక్కడ తెచ్చుకునేవారు?”

“ప్యాకెట్టేలేమ్మా. పోయినేడు ఎవరో గానుగ నూనె అని ఇంటికి తెచ్చిస్తే అయిదు లీటర్లు తీసుకున్నా. తాళింపేస్తే వాసనే లేదు. ఏం కలిపినారో ఏమో. డబ్బులు పోయినందుకు కాదు, ఆ నూనెతో పట్టిన ఊరగాయ ఏమవుతుందోనని ఏడాదంతా దిగులే.”

ఇందులో ఆరోగ్యం గురించి ఒక్క మాటా లేదు. ఆవిడకు గానుగ నూనె కావాలని ముందే తెలుసు. అది రిఫైన్డ్ నూనె కంటే ఎందుకు మంచిదో ఎవరూ ఆవిడకు బోధించనక్కర్లేదు. అనుమానం ఒక్కటే ఆపుతోంది: గానుగ నూనె అని చెప్పి అమ్ముతున్నది నిజంగా గానుగ నూనేనా?

ఇలా పదిమందిని అడిగితే గుంపులు విడిపోతాయి. బజ్జీల బండివారికి, హోటళ్లకు ధర ముఖ్యం. రెట్టింపు ధర నూనెలో పెద్ద బాణలి నింపలేరు. కొత్తగా డైట్ మొదలుపెట్టిన కుర్రవాళ్లు ఈ నెల కొబ్బరి నూనె, వచ్చే నెల ఆలివ్ నూనె అంటారు. పచ్చళ్లూ పొడులూ పులిహోరా ఇంట్లోనే చేసుకుంటూ, నెలకు మూడు నాలుగు లీటర్లు వాడే ఇళ్లు మూడో గుంపు. వీళ్లు వాసన పట్టి నూనె గుర్తుపట్టగలరు. ఒకసారి మోసపోయి ఉన్నారు. నమ్మకం కుదిరితే ఏళ్ల తరబడి అక్కడే కొంటారు.

మన దంపతులు ఈ మూడో గుంపును ఎంచుకున్నారు. ఇక్కడ వయసు, ఆదాయం, చదువు లాంటి వివరాలు ఎక్కువగా పనికిరావని గమనించండి. ‘30 నుంచి 50 ఏళ్ల మధ్యతరగతి గృహిణులు’ అని రాసుకుంటే అందులో పైన చెప్పిన ఆవిడా ఉంటుంది, ఎప్పుడూ ప్యాకెట్ తప్ప మరేదీ కొనని ఆవిడా ఉంటుంది. ఇద్దరినీ విడదీసేది వాళ్ల అలవాటు, వాళ్లకున్న చిక్కు. మొదటి ఖాళీలో రాయవలసింది ఆ రెండే.

ఏ కోవ: ఎవరి పక్కన పెట్టి చూస్తారు?

నాలుగు ఖాళీల్లో అందరూ తొందరగా దాటేసేది ఇదే. మాది నూనె, కోవ వంటనూనె, ఇంకేముంది అనుకుంటారు. కానీ మన వస్తువును కొనేవారు దేని పక్కన పెట్టి చూడాలో, ఏ ధరతో పోల్చాలో, ఏ ప్రశ్నలు అడగాలో కోవే నిర్ణయిస్తుంది.

వంటనూనె అని రాసుకుంటే పోలిక రిఫైన్డ్ ప్యాకెట్‌తో. మొదటి ప్రశ్న ధర గురించే వస్తుంది, అక్కడ ఓటమి ఖాయం. ఆర్గానిక్ ఆహారం అని రాసుకుంటే పోలిక అరలోని సీసాలతో. మొదటి ప్రశ్న సర్టిఫికెట్ ఏదని వస్తుంది. పప్పు మండీలో కొంటున్న దుకాణానికి అది ఉండదు.

మూడో దారి ఒకటి ఉంది. కారం పట్టించడానికి, పసుపు కొట్టించడానికి, బియ్యప్పిండి ఆడించడానికి మన ఊళ్లలో మిల్లుకు వెళ్లడం ఇప్పటికీ ఉంది. మిరపకాయలు తామే ఏరి, తొడిమలు తీసి, ఎండబెట్టి, మిల్లు దగ్గర తమ వంతు వచ్చేదాకా నిలబడి పట్టించుకుంటారు. ప్యాకెట్ కారం పక్క కొట్టులోనే దొరుకుతున్నా వెళ్తారు. అక్కడ ఎవరూ మిల్లువాణ్ని సర్టిఫికెట్ అడగరు. దుకాణాన్ని ‘నూనె అమ్మే చోటు’గా కాక ‘నూనె ఆడించి ఇచ్చే మిల్లు’గా నిలబెడితే, ఆ పాత అలవాటంతా దానికి కలిసి వస్తుంది. ఎలా వాడుకోవాలో ఎవరికీ నేర్పనక్కర్లేదు.

కోవ ఎంపిక ఎంత బరువైనదో టాటా నానో కథలో కనిపిస్తుంది. స్కూటర్ మీద వానలో తడుస్తూ వెళ్లే కుటుంబాలను చూసి, వాళ్లకు అందుబాటులో క్షేమమైన బండి ఇవ్వాలన్న ఆలోచనతో మొదలైందని రతన్ టాటా చెప్పేవారు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో దాన్ని చూపించారు. జనంలో మిగిలిన మాట మాత్రం లక్ష రూపాయల కారు, అన్నింటికంటే చవకైన కారు. స్కూటర్ పక్కన పెట్టి చూస్తే అది నలుగురూ తడవకుండా వెళ్లే బండి. కార్ల పక్కన పెట్టి చూస్తే అన్నింటికంటే తక్కువది. మన దేశంలో మొదటి కారు కొనడం అంటే నలుగురిలో గౌరవం కూడా. ఆ గౌరవాన్ని చవకైనది అన్న మాట తీసేసింది. చవకైన కారు అన్న ముద్ర దానికి చేటు చేసిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. నానో ఆగిపోవడానికి కారణం ఇదొక్కటే కాదు. ఫ్యాక్టరీ సింగూరు నుంచి సానంద్‌కు మారడం, తొలి రోజుల్లో కొన్ని బండ్లకు నిప్పంటుకోవడం కూడా ఉన్నాయి. అయినా మొదట ఎవరి కోసమో ఆలోచించిన వస్తువు, చివరికి ఏ పోలికలో ఇరుక్కుందో తెలియడానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ మనకు దగ్గరలో లేదు.

ప్రయోజనం: ఒక్కటే, అదీ నిజమైనదే

గానుగ నూనె గురించి చెప్పుకోగల మంచి మాటలు చాలా ఉన్నాయి. వాసన నిలుస్తుంది, ఎందుకంటే రిఫైనింగ్‌లో నూనెకు ఉండే సహజమైన వాసనను తీసేసే దశ ఒకటి ఉంటుంది, గానుగలో అది లేదు. స్థానిక రైతు పంట అమ్ముడవుతుంది. రసాయనాలు కలవవు. వీటన్నింటినీ వాక్యంలో కుక్కాలన్న ఆశ సహజం. కానీ మొదటి ఖాళీలో ఎంచుకున్న ఆవిడను గుర్తు తెచ్చుకోండి. ఆవిడ చిక్కు అనుమానం. ఆవిడకు దక్కవలసిన ప్రయోజనం నిశ్చింత: ఈ నూనెలో వేరుశనగ తప్ప మరేదీ లేదని తనంతట తాను తేల్చుకోగలగడం. రుచి, వాసన ఆ నిశ్చింత వెంట వస్తాయి. వాక్యంలో మాత్రం చోటు ఒక్కదానికే.

ఆరోగ్యం మాటను పక్కన పెట్టడానికి ఇంకా గట్టి కారణాలున్నాయి. ‘కొలెస్ట్రాల్ లేదు’ అని చాలా డబ్బాల మీద కనిపిస్తుంది. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, రిఫైన్డ్‌లోనూ ఉండదు. అందరికీ ఉన్నది మన ప్రత్యేకత కాలేదు. ‘గుండెకు మంచిది’, ‘షుగర్ తగ్గిస్తుంది’ అని రాస్తే దానికి శాస్త్రీయమైన రుజువు చూపించాలి. ఆహార పదార్థాల ప్రకటనల మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనలు ఆ మాటే చెబుతాయి. మూడోది చాలామంది గానుగవాళ్లు కూడా ఆలోచించనిది. వేరుశనగకు తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుట్టవచ్చు. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది. గానుగలో తీసి తేర్చిన నూనెలో కొంత మిగిలే ప్రమాదం ఉంది. అంటే గానుగ నూనె దానంతట అదే ఆరోగ్యకరం కాదు, మంచి పప్పు వేస్తేనే. బూజు పట్టినవీ ముడుచుకుపోయినవీ రంగు మారినవీ ఏరిపారేయాలి. ఈ సంగతి తెలిసిన యజమానికి ఆరోగ్యం గురించి పెద్ద మాట రాయడం కంటే, పప్పును కొనేవారి కళ్ల ముందు పెట్టడం నిజాయితీగల పని అని అర్థమవుతుంది. అది మనల్ని నాలుగో ఖాళీ దగ్గరికి తీసుకువెళ్తుంది.

ఆధారం: ప్రయోజనాన్నే రుజువు చేయాలి

మన దంపతుల రెండో ప్రయత్నం ఇలా వచ్చింది: ‘పచ్చళ్లు ఇంట్లోనే పట్టుకునే, నూనె కల్తీ గురించి అనుమానం ఉన్న ఇళ్లకు, మాది నూనె ఆడించి ఇచ్చే గానుగ మిల్లు. ఇక్కడి నూనెలో కల్తీ ఉండదని నిశ్చింతగా ఉండవచ్చు. ఎందుకంటే మేము చెక్క గానుగలోనే తీస్తాం.’

మొదటి మూడూ బాగున్నాయి. నాలుగోది జారిపోయింది. ఆవిడను పోయినేడు మోసం చేసినవాడు కూడా చెక్క గానుగ నూనె అనే చెప్పాడు. అనుమానం ఏ మాట మీద ఉందో ఆ మాటనే ఆధారంగా చూపిస్తే అది ఎవరినీ నమ్మించదు. ముప్పై ఏళ్ల అనుభవం, దుకాణంలో దేవుడి పటం, ఎవరో నటి చేతిలో డబ్బా పట్టుకున్న ఫోటో కూడా ఇలాంటివే. అవి గౌరవం తేవచ్చు గానీ, నూనెలో ఏముందో చెప్పవు. ఆధారం రెండు పరీక్షలు దాటాలి. అది సరిగ్గా ఈ ప్రయోజనాన్నే రుజువు చేస్తోందా? కొనేవారు మన మాట మీద ఆధారపడకుండా దాన్ని చూసుకోగలరా?

చూసుకోగలిగేది ఏముంది? పప్పు చూడవచ్చు. తూకం చూడవచ్చు. వాయి ఆడుతుంటే ఎదురుగా కూర్చోవచ్చు. ‘మీ కళ్ల ముందే ఆడిస్తాం’ అని రాసుకుందామనిపిస్తుంది. ఇక్కడే ఆ రెండు మూడు రోజుల తేర్చడం అడ్డొస్తుంది. కళ్ల ముందు ఆడించినది చిక్కగా, మడ్డితో ఉంటుంది. ఇంటికి పట్టుకెళ్లేది తేటనూనె. మధ్యలో రెండు రోజులు అది దుకాణంలోనే, ఆవిడ కళ్లకు దూరంగా ఉంటుంది. అనుమానం ఉన్నవారికి ఆ రెండు రోజులు చాలు. వాక్యం రాయకపోతే ఈ కంత యజమానికి ఎప్పటికీ కనిపించేది కాదు. దాన్ని పూడ్చడానికి పని పద్ధతి మారాలి: ఏ వాయి నూనె ఆ వాయికే వేరే క్యాన్‌లో పోసి, మీద ఆ ఇంటి పేరు, తేదీ, పప్పు తూకం రాసి, మూతకు సీలు వేసి తేర్చడానికి పెట్టాలి. సీలు ఆవిడ ఎదుటే వేస్తారు, ఆవిడ వచ్చాకే తీస్తారు.

వాయికి ఆరు లీటర్లన్న లెక్క ఇక్కడ కలిసొస్తుంది. నెలకు మూడు లీటర్లు వాడే ఇళ్లు రెండు కలిస్తే ఒక వాయి. ఇరుగు పొరుగు ఇద్దరు కలిసి వచ్చి పంచుకోవచ్చు. అంటే ఎంచుకున్న కస్టమర్‌కూ చూపిస్తున్న ఆధారానికీ మధ్య పొత్తు కుదిరింది. రోజుకు నలభై లీటర్లు అడిగే హోటల్‌కు ఈ పద్ధతి కుదరదు, హోటల్‌ను ముందే వదులుకున్నాం కనుక ఇబ్బందీ లేదు.

ఇంకొక ఆధారం లెక్కలోనే ఉంది. పప్పు కిలో 120 రూపాయలు అనుకుంటే, లీటరు నూనెకు పప్పు ఖర్చే 300 రూపాయలు. చెక్క అమ్మగా కొంత తిరిగొచ్చినా, కరెంటు, కూలి కలపాలి. మరి లీటరు 200కు గానుగ నూనె ఇస్తామన్నవారు ఏం పోస్తున్నట్టు? ఆ రోజు పప్పు ధర, రెండున్నర కిలోల లెక్క, ఆడించే కూలి గోడ మీద పలక పెట్టి రాస్తే, ధర ఎక్కువన్న మాటకు అదే జవాబు అవుతుంది.

ఇన్ని మార్పుల తర్వాత వాక్యం ఇలా తేలింది:

‘పచ్చళ్లూ పొడులూ ఇంట్లోనే చేసుకుంటూ, బయట కొన్న నూనెలో ఏం కలిసిందోనన్న అనుమానం తీరని మా ఊరి ఇళ్లకు, మాది వేరుశనగ నూనె ఆడించి ఇచ్చే గానుగ మిల్లు. నూనెలో వేరుశనగ తప్ప మరేదీ లేదని ఇక్కడ మీరే తేల్చుకోవచ్చు. ఎందుకంటే పప్పు మీరే ఎంచుకుంటారు, తూకం, వాయి మీ ఎదుటే జరుగుతాయి, తేర్చడానికి పెట్టిన మీ క్యాన్ సీలు మీరు వచ్చాకే తీస్తాం.’

వాక్యం పనిచేస్తోందా? మూడు పరీక్షలు

మొదటిది, పేరు మార్చి చదవడం. పక్క వీధి దుకాణం పేరు పెట్టి ఇదే వాక్యం చదవండి. వాళ్లు డబ్బాల్లో తెచ్చిన నూనె అమ్ముతుంటే ఈ వాక్యం వాళ్లకు అబద్ధమవుతుంది. అబద్ధమైతే మనది దాటినట్టు. మొదటి ముసాయిదా ఎవరికి పెట్టినా నిజంలాగే వినిపించింది, అదే దాని లోపం.

రెండోది, ‘కాదు’ అనిపించగలదా అని చూడటం. ఒక సేల్స్‌మన్ వచ్చి, ఖాళీగా ఉన్న అరలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు పెట్టమని, మంచి కమీషన్ ఇస్తానని అడుగుతాడు. ఈ వాక్యం లేకపోతే పెట్టడమే లాభం. వాక్యం ఉంటే పెట్టకూడదని వెంటనే తెలుస్తుంది. గానుగ పక్కన వేరే నూనె డబ్బాలు కనబడగానే, ఏది ఎందులో కలుపుతున్నారోనన్న అనుమానం మళ్లీ మొదలవుతుంది. అద్దెకు పెట్టిన కుర్రాడు కూడా ఆ వాక్యం చదివి ఈ నిర్ణయం తీసుకోగలిగితే అది పనిచేస్తున్నట్టే.

మూడోది, కొనేవారి నోటి మాట. వాక్యం వాళ్లకు చదివి వినిపించి బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. దానికి బదులు, నెల రోజులు అలా నడిపాక, ‘మా గురించి పక్కింటివాళ్లకు ఏం చెప్పారు?’ అని అడగండి. ‘పప్పు మనమే చూసుకోవచ్చు’ అని చెప్పామంటే చేరింది. ‘నూనె బాగుంటుంది’ అని మాత్రమే అంటే వాక్యం కాగితం మీదే ఉండిపోయింది. అప్పుడు మార్చవలసింది మాటల్ని కాకపోవచ్చు. బహుశా పప్పు బస్తాలు వెనక గదిలో ఉన్నాయేమో, ముందుకు తెచ్చి మూతులు విప్పి పెట్టాలి.

ఒక సంగతి మరవకూడదు. ఈ వాక్యం బోర్డు మీద రాయడానికి కాదు. అది దుకాణం నడిపేవారు తమలో తాము చేసుకున్న ఒప్పందం. బోర్డు మీదికి దానిలోంచి చిన్న ముక్క చాలు: పప్పు మీరే ఎంచుకోండి, నూనె మేము ఆడించి ఇస్తాం. ఇల్లాలు సొంత పొలం పప్పు తెస్తే ఏం చేయాలి, తేమ ఎక్కువుంటే తిప్పి పంపాలా, నూనె తక్కువ దిగితే ఎవరి లెక్క లాంటి ప్రశ్నలకు కూడా ఆ వాక్యాన్ని దగ్గర పెట్టుకునే నియమాలు రాసుకోవాలి.

ఎక్కడ ఆగుతుంది?

ఏడాది గడిచాక హైదరాబాద్‌లో ఉన్న కూతురు, ఆమె స్నేహితురాళ్లు నూనె పంపమంటారు. కొరియర్‌లో పంపడం సులువే, గిరాకీ కూడా పెద్దది. కానీ హైదరాబాద్‌లో కూర్చున్న ఆవిడ పప్పు చూడదు, తూకం చూడదు, సీలు వేస్తుంటే నిలబడదు. మొదటి ఖాళీ మారింది కనుక నాలుగో ఖాళీ కూలిపోయింది. అదే వాక్యం అక్కడా చెబితే అది ఉత్త మాటే అవుతుంది, మళ్లీ ‘రాజీపడం’ స్థాయికి దిగుతుంది.

అప్పుడు చేయగలిగినవి రెండు. దూరంగా ఉన్నవారు సొంతంగా చూసుకోగల కొత్త ఆధారం వెతకాలి. ఉదాహరణకు ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కల్తీకీ అఫ్లాటాక్సిన్‌కూ పరీక్ష చేయించి, ఆ బ్యాచ్ నంబరున్న రిపోర్టును డబ్బాతో పాటు పంపడం. ఆరు లీటర్ల వాయికి ఆ ఖర్చు గిట్టదు. అనేక వాయిలు కలిపి పెద్ద బ్యాచ్ చేయాలి. అంటే కోవ కూడా మారి, మిల్లు కాస్తా నూనె కంపెనీ అవుతుంది. పోలిక మళ్లీ అరలోని సీసాలతో మొదలవుతుంది. అది వేరే వ్యాపారం, దానికి వేరే వాక్యం రాసుకుని, లెక్క వేసుకుని దిగవచ్చు. లేదా, ఊళ్లో రోజుకు ఎనిమిది వాయిలు నిండేదాకా హైదరాబాద్ ఆర్డర్లు తీసుకోకుండా ఆగవచ్చు.

ఏది ఎంచుకున్నా ఆ నిర్ణయం కళ్లు తెరిచి తీసుకున్నదవుతుంది. అందుకే ఈ వాక్యాన్ని తేదీ వేసి రాసి పెట్టుకోవాలి. కొనేవారు మారినా, పక్కన కొత్త దుకాణం వచ్చి అదే పద్ధతి మొదలుపెట్టినా, మన పనిలో ఒక మెట్టు మారినా, దాన్ని తీసి నాలుగు ఖాళీలూ మళ్లీ చదవాలి. ఒకదానిలో మాట మార్చవలసి వస్తే మిగిలిన మూడూ అలాగే నిలుస్తాయో లేదో చూడాలి. నిలవకపోతే బోర్డుకు కొత్త రంగు వేయించే ముందు, నాలుగో ఖాళీకి కొత్త ఆధారాన్ని దుకాణంలో తయారు చేసుకోవాలి.